పిన్ ఎంత ఇవ్వగలదు, ఎల్‌ఈడీ ఎంత అడగాలి?

ఎర్ర ఎల్‌ఈడీని రెసిస్టర్ లేకుండా నేరుగా ఆర్డుయినో ఊనో బోర్డు పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య గుచ్చితే కాలిపోతుందని పాఠాలు చెబుతాయి. గుచ్చి చూసిన పిల్లలు మాత్రం ‘ఏమీ కాలేదు సార్, ఇంకా బాగా వెలిగింది’ అంటారు. చాలాసార్లు వాళ్ల మాటే నిజం. ఎల్‌ఈడీ బతికిపోతుంది. దాని బదులు దెబ్బ తింటున్నది చిప్‌లోని పిన్. అది ఆ రోజే చావదు కాబట్టి, దెబ్బ తగిలిన సంగతే ఎవరికీ తెలియదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముందు ఎల్‌ఈడీ స్వభావం చూడాలి. మామూలు బల్బుకు వోల్టేజీ కాస్త పెంచితే కరెంట్ కూడా కాస్త పెరుగుతుంది. ఎల్‌ఈడీ అలా కాదు. 1.5 వోల్టుల దగ్గర ఎర్ర ఎల్‌ఈడీలో కరెంట్ దాదాపు లేనట్టే. 1.8 దగ్గరికి వచ్చేసరికి 2 మిల్లీయాంప్‌లు పారుతుంది. 2 వోల్టులకు చేరితే 20. అంటే వోల్టేజీ 0.2 పెరిగితే కరెంట్ పదింతలైంది. ఈ వాలు ఇంత నిటారుగా ఉంటుంది కాబట్టే ఎల్‌ఈడీకి ‘ఇంత వోల్టేజీ ఇస్తాను’ అని లెక్క వేయకూడదు, ‘ఇంత కరెంట్ పంపుతాను’ అని వేయాలి. పైగా ఎల్‌ఈడీ వేడెక్కితే ఒక్కో డిగ్రీకి దాని వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. కరెంట్‌ను అడ్డుకునేది ఇంకేమీ లేకపోతే, వేడెక్కినకొద్దీ అది మరింత కరెంట్ లాగుతుంది.

రెసిస్టర్ పని ఇక్కడే. ఎల్‌ఈడీ తన వాటా వోల్టేజీ తాను తీసుకుంటుంది. మిగిలిన వోల్టేజీ అంతా రెసిస్టర్ మీద పడుతుంది. ఆ మిగులును ఓమ్‌లతో భాగిస్తే వచ్చేదే ఆ దారిలో పారే కరెంట్. 5 వోల్టుల పిన్, 2 వోల్టుల ఎర్ర ఎల్‌ఈడీ, మనకు కావలసింది 5 మిల్లీయాంప్‌లు అనుకుందాం:

R = (5 − 2) / 0.005 = 600 ఓమ్‌లు

600 ఓమ్‌ల రెసిస్టర్ షాపులో మామూలుగా దొరకదు. వరుసలో 560 తర్వాత 680 ఉంటుంది. పెద్దదే తీసుకుంటే కరెంట్ 4.4 మిల్లీయాంప్‌లకు దిగుతుంది. ఆ తేడా కంటికి తెలియదు. రెసిస్టర్ మీద ఖర్చయ్యే శక్తి 3 వోల్టులను 4.4 మిల్లీయాంప్‌లతో గుణిస్తే 13 మిల్లీవాట్లు. పావు వాట్ రెసిస్టర్‌కు అది లెక్కలోకి రాని బరువు. బడి పుస్తకంలో ఉన్న లెక్క ఇంతవరకే. అసలు ప్రశ్న దీనికి ముందే ఉంది: ఆ 5 మిల్లీయాంప్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి? 20 ఎందుకు కాకూడదు? 40 ఎందుకు కాకూడదు?

ఊనో బోర్డు మీది చిప్ పేరు ఏటీమెగా 328పీ. దాని డేటాషీట్‌లో పిన్ కరెంట్ గురించి ఒకే సంఖ్య ఉండదు, మూడు చోట్ల మూడు రకాల సంఖ్యలు ఉంటాయి. ఎక్కువమంది చూసేది మొదటిది: ఒక్కో పిన్‌కు 40 మిల్లీయాంప్‌లు. అది ఉన్న పట్టిక శీర్షిక చదవకుండా వదిలేస్తారు. అది దాటితే చిప్ శాశ్వతంగా పాడవవచ్చని చెప్పే గరిష్ఠ హద్దుల పట్టిక. ఆ హద్దు దగ్గర ఎక్కువసేపు ఉంచినా చిప్ మన్నిక తగ్గవచ్చని అక్కడే రాసి ఉంటుంది. చెరువు కట్ట ఎత్తు ఎంతో చెప్పారంటే నీళ్లు అంతవరకూ నింపమని కాదు కదా.

రెండో సంఖ్య 20. మరో పట్టికలో, 5 వోల్టుల సరఫరా మీద పిన్ 20 మిల్లీయాంప్‌లు ఇస్తున్నప్పుడు దాని వోల్టేజీ 4.2కు తగ్గదని, 20 మిల్లీయాంప్‌లు లోపలికి తీసుకుంటున్నప్పుడు 0.9కు మించదని రాసి ఉంటుంది. తయారీదారు మాట ఇచ్చిన సంఖ్య ఇదే. ఈ మాటలో ఇంకో సమాచారం దాగి ఉంది. 20 మిల్లీయాంప్‌ల దగ్గర పిన్ వోల్టేజీ 5 నుంచి 4.2 దాకా పడిపోవచ్చంటే, పిన్ లోపలి ట్రాన్సిస్టర్‌కు కూడా కొంత నిరోధం ఉందన్నమాట. మామూలు గది వేడిలో అది 25 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. రెసిస్టర్ లేకుండా గుచ్చిన ఎల్‌ఈడీని కాపాడింది ఈ 25 ఓమ్‌లే. అవి బయట కొన్న రెసిస్టర్ కాదు, చిప్ లోపలి సిలికాన్. అంత కరెంట్‌కు ఎల్‌ఈడీ వోల్టేజీ కూడా 2 దాటి పెరుగుతుంది కాబట్టి, ఆ దారిలో సుమారు 60 నుంచి 80 మిల్లీయాంప్‌ల దాకా పారుతుంది. అంటే 40 అనే కట్ట తెగి చాలాసేపైనట్టే. ఆ వేడంతా సన్నని ట్రాన్సిస్టర్ మీదా, దాన్ని కాలుకు కలిపే వెంట్రుకంత తీగ మీదా పడుతోంది.

మూడో సంఖ్య మొత్తానికి సంబంధించింది. చిప్‌లోకి కరెంట్ వచ్చే కాలు, బయటికి పోయే కాలు ఒక్కోటి 200 మిల్లీయాంప్‌లకు మించి మోయకూడదు. ఆ లోపల కూడా పిన్‌లను గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపు ఇచ్చే మొత్తం 150 దాటకూడదని, ఒక్కో గుంపు తీసుకునే మొత్తం 100 దాటకూడదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక్క ఎల్‌ఈడీ వెలిగించేవాడికి ఈ మూడో సంఖ్య అక్కర్లేదు. ఎనిమిది వెలిగించేవాడికి కావాలి.

ఇప్పుడు కంటి వైపు నుంచి చూద్దాం. 5 మి.మీ. ఎల్‌ఈడీల డేటాషీట్‌లలో వెలుగును మామూలుగా 20 మిల్లీయాంప్‌ల దగ్గర కొలిచి రాస్తారు. అది చూసి ఎల్‌ఈడీకి 20 ఇవ్వాలనే అలవాటు పాతుకుపోయింది. నిక్ హొలోన్యాక్ 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో కంటికి కనిపించే ఎర్ర కాంతి ఎల్‌ఈడీని చూపించాక చాలా ఏళ్ల పాటు ఎల్‌ఈడీలు మసకగానే వెలిగేవి, అందుకని ఆ కాలానికి ఎక్కువ కరెంట్ అవసరమే. ఇప్పటి ఎల్‌ఈడీలు అలా కావు. నీలం, తెలుపు, ఇప్పటి ముదురాకుపచ్చ ఎల్‌ఈడీలు గదిలో 1 మిల్లీయాంప్‌కే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 20 ఇస్తే రాత్రిపూట వాటి మీద టేపు అంటించుకోవాల్సి వస్తుంది. ఇళ్లలో వైఫై రౌటర్ల మీద అలాంటి టేపు ముక్కలు చూస్తూనే ఉంటాం. పైగా కంటికి వెలుగు లెక్క సూటిగా ఉండదు. కరెంట్‌ను నాలుగో వంతుకు తగ్గిస్తే వెలుగు నాలుగో వంతైనట్టు అనిపించదు, సగానికి అటూ ఇటూగా అనిపిస్తుంది. సూచికగా పెట్టే దీపం గదికి వెలుతురు ఇవ్వక్కర్లేదు, వెలిగిందో లేదో తెలిస్తే చాలు. అందుకే పిన్ ఎంత ఇవ్వగలదన్న దగ్గర మొదలుపెట్టకుండా, కంటికి ఎంత చాలన్న దగ్గర మొదలుపెట్టాలి. పిన్ హద్దును చివర సరిచూసుకోవాలి.

ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. మేడ మీది నీళ్ల ట్యాంకులో మట్టం ఎంత ఉందో వంటింటి గోడ మీద ఎనిమిది దీపాలతో చూపించాలి. అడుగున మూడు ఎరుపు, వాటిపైన నాలుగు మామూలు లేతాకుపచ్చ, ట్యాంకు నిండితే ఒక నీలం. ఊనో 2 నుంచి 9 వరకు పిన్‌లకు ఒక్కోటి. ట్యాంకు నిండినప్పుడు ఎనిమిదీ ఒకేసారి వెలుగుతాయి, కాబట్టి లెక్క ఆ స్థితికే వేయాలి.

ముందు అలవాటు దారి చూద్దాం. ఒక్కోదానికి 20 మిల్లీయాంప్‌లు, అంటే ఎరుపుకు 150 ఓమ్‌లు. ఎనిమిదికీ కలిపి 160 మిల్లీయాంప్‌లు. 200లోపే ఉంది, గుంపుల హద్దులూ దాటలేదు. కాగితం మీద ఇబ్బంది లేదు. కానీ బోర్డుకు 12 వోల్టుల అడాప్టర్ పెట్టామనుకోండి. బోర్డు మీది రెగ్యులేటర్ 12ను 5కు దించుతూ మిగతా 7 వోల్టులనూ వేడిగా మారుస్తుంది. 7 వోల్టులు, 160 మిల్లీయాంప్‌లు కలిస్తే 1.1 వాట్లు. చిప్ సొంత వాడకం దీనికి అదనం. ఆ చిన్న నల్ల ముక్క మీద వేలు పెడితే వెంటనే తీసేయాల్సి వస్తుంది. ట్యాంకు నిండిన ప్రతిసారీ బోర్డు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటే, ప్రోగ్రాంలో తప్పు వెతికే ముందు ఈ రెగ్యులేటర్‌ను తాకి చూడాలి.

ఇప్పుడు రెండో దారి. ఎరుపుకు 680 ఓమ్‌లు పెడితే 4.4 మిల్లీయాంప్‌లు. లేతాకుపచ్చ ఎల్‌ఈడీ 2.1 వోల్టులు తీసుకుంటుంది, దానికీ 680 పెడితే 4.3. నీలం 3 వోల్టులు తీసుకుంటుంది, కానీ అది అదే కరెంట్‌కు మిగతావాటికన్నా చాలా ఎక్కువగా మెరుస్తుంది. దానికి 2.2 కిలో ఓమ్‌లు పెడితే 0.9 మిల్లీయాంప్ వస్తుంది. వంటింట్లో అది చాలు. ఎక్కువైందనిపిస్తే 4.7 కిలో పెట్టుకోవచ్చు. మొత్తం కలిపితే 31 మిల్లీయాంప్‌లు. రెగ్యులేటర్ మీద వేడి 1.1 వాట్ల నుంచి 0.22కు దిగింది. ఒక్కో పిన్ తన మాట ఇచ్చిన 20లో నాలుగో వంతు కూడా వాడడం లేదు. కరెంట్ ఇంత తక్కువ కాబట్టి పిన్ వోల్టేజీ 4.9 దగ్గరే నిలుస్తుంది, 5 అనుకుని వేసిన లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది. 20 మిల్లీయాంప్‌ల దారిలో ఆ లెక్క కూడా తప్పేది, ఎందుకంటే అక్కడ పిన్ 5 వోల్టులు ఇవ్వదు.

ఎనిమిది రెసిస్టర్లు దేనికి, అన్నింటినీ కలిపి గ్రౌండ్ దగ్గర ఒక్కటి పెడితే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. ఒకటి వెలిగినప్పుడు ఆ రెసిస్టర్ కరెంట్ అంతా దానిదే, ఎనిమిది వెలిగితే అదే కరెంట్‌ను ఎనిమిదీ పంచుకోవాలి. ఏడు గీతల అంకెల డిస్‌ప్లేలో 1 ధగధగా వెలిగి, 8 నీరసంగా కనిపిస్తే ఎవరో ఈ పొదుపు చేశారని చూడగానే చెప్పవచ్చు. ఇక రంగులు కలిస్తే అసలుకే మోసం. ఎరుపు, నీలం రెంటినీ పక్కపక్కన కలిపి ఒకే రెసిస్టర్ పెడితే ఎరుపు ఒక్కటే వెలుగుతుంది. అది వోల్టేజీని 2 దగ్గర పట్టి ఉంచుతుంది, నీలానికి ఆ 2 వోల్టులు చాలవు.

5 వోల్టుల బోర్డుల నుంచి 3.3 వోల్టుల బోర్డులకు మారినప్పుడు ఈ లెక్క మరో ముఖం చూపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పికో అలాంటిదే. దాని పిన్‌లన్నీ కలిపి ఇవ్వగల మొత్తం 50 మిల్లీయాంప్‌లు మాత్రమే, ఊనోతో పోలిస్తే నాలుగో వంతు. ఎర్ర ఎల్‌ఈడీకి ఇబ్బంది లేదు. 3.3లో 1.9 పోతే 1.4 వోల్టులు మిగులుతాయి, 470 ఓమ్‌లు పెడితే 3 మిల్లీయాంప్‌లు. చిక్కంతా నీలంతో. ఒకే ప్యాకెట్‌లోని నీలం ఎల్‌ఈడీల్లోనే ఒకటి 2.8 వోల్టులు, ఇంకొకటి 3.2 తీసుకోవచ్చు. మొదటిదానికి రెసిస్టర్ మీద మిగిలేది 0.5 వోల్టు, రెండోదానికి 0.1. రెంటికీ 100 ఓమ్‌లు పెడితే ఒకదానిలో సుమారు 5 మిల్లీయాంప్‌లు, ఇంకొకదానిలో 1. పక్కపక్కన పెడితే ఒకటి బాగుంది, ఇంకొకటి పాడైందనుకుంటాం. రెండూ బాగానే ఉన్నాయి. అదే జంటను 5 వోల్టుల మీద 470 ఓమ్‌లతో పెట్టి చూడండి: 4.7, 3.8 వస్తాయి. రెసిస్టర్ మీద ఎంత ఎక్కువ వోల్టేజీ మిగిలితే ఎల్‌ఈడీల మధ్య తేడా అంతగా అణిగిపోతుంది. మిగులు ఒక వోల్టు కూడా లేకపోతే రెసిస్టర్ ఉన్నా దాని పట్టు ఉండదు. 3.3 వోల్టుల బోర్డు మీద సూచికకు ఎరుపో లేతాకుపచ్చో వాడడం మేలు.

మన డిప్లొమా, ఇంజినీరింగ్ ల్యాబుల్లో ఇప్పటికీ నడుస్తున్న 8051 కుటుంబం సంగతి వేరు. ఆర్డుయినోతో అలవాటైన చేతికి అది మొదటి రోజే షాక్ ఇస్తుంది. ఏటీ89ఎస్52 పిన్‌ను HIGH చేసి, దాని నుంచి గ్రౌండ్‌కు ఎల్‌ఈడీ పెడితే కనీకనిపించని మినుకు తప్ప ఏమీ ఉండదు. పోర్ట్ 1 పిన్ HIGHలో ఉన్నప్పుడు హామీ ఇచ్చేది 60 మైక్రోయాంప్‌లు, అంటే మిల్లీయాంప్‌లో పదహారో వంతు. ఆ పిన్‌లు కరెంట్ ఇవ్వడానికి చేసినవి కావు, తీసుకోవడానికి చేసినవి. అందుకే ఎల్‌ఈడీ పొడుగు కాలును రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు, పొట్టి కాలును పిన్‌కు కలపాలి. పిన్‌లో 0 రాస్తే వెలుగుతుంది, 1 రాస్తే ఆరుతుంది.

తీసుకోవడంలోనూ హద్దుంది. ఒక్క పిన్‌కు 10 మిల్లీయాంప్‌లు, కానీ పోర్ట్ 1లోని ఎనిమిది పిన్‌లూ కలిపి 15 మాత్రమే. ఎనిమిది ఎల్‌ఈడీలకూ అలవాటుగా 330 ఓమ్‌లు పెట్టేస్తే ఒక్కోదానిలో దాదాపు 8, మొత్తం 60 దాటుతుంది. హద్దుకు నాలుగింతలు. పిన్ వోల్టేజీ పైకి లేచి, ఆ 0ను వేరే చిప్ 0గా చదవలేని స్థితి వస్తుంది. సరైన లెక్క వెనక నుంచి వేయాలి. 15ను ఎనిమిదితో భాగిస్తే ఒక్కోదానికి 1.9 మిల్లీయాంప్‌లకన్నా తక్కువే దక్కుతుంది. 5లో ఎల్‌ఈడీకి 1.9, పిన్‌కు 0.4 తీసేస్తే 2.7 వోల్టులు. 1.8 కిలో ఓమ్‌లు పెడితే 1.5 మిల్లీయాంప్‌లు, మొత్తం 12. ఇప్పటి ఎల్‌ఈడీలకు ఇది చాలు. చాలదనిపిస్తే పిన్‌కూ ఎల్‌ఈడీకీ మధ్య ట్రాన్సిస్టర్ పెట్టాలి, అంతేగానీ రెసిస్టర్ తగ్గించకూడదు. ఆర్డుయినో మీద కూడా బజర్ లాంటి 40 మిల్లీయాంప్‌ల పని ఉంటే అదే దారి. బీసీ547 బేస్‌కు పిన్ నుంచి 1 కిలో ఓమ్ పెడితే పిన్ ఇచ్చేది 4 మిల్లీయాంప్‌లే, బరువంతా ట్రాన్సిస్టర్ మోస్తుంది.

వేసిన లెక్క నిజమైందో లేదో చూడడానికి మల్టీమీటర్ చాలు, తీగ తెంచి మధ్యలో కరెంట్ కొలవక్కర్లేదు. మీటర్‌ను డీసీ వోల్టేజీలో పెట్టి, దీపం వెలుగుతుండగా రెసిస్టర్ రెండు చివరలా పెట్టండి. మన ట్యాంకు ప్యానెల్‌లో ఎరుపు దగ్గర 680 ఓమ్‌ల మీద 2.9 వోల్టులు చూపిస్తే, 2.9ని 680తో భాగించండి, 4.3 మిల్లీయాంప్‌లు. తర్వాత పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కొలవండి. 4.9 చుట్టూ ఉంటే పిన్ సుఖంగా ఉంది. 4.2 దగ్గరికి దిగితే మోయగలిగిన బరువు చివరికి వచ్చింది. ఎల్‌ఈడీ తీసేశాక కూడా HIGHలో ఉన్న పిన్ 5 దగ్గరికి రాకపోతే ఆ పిన్ ఇదివరకే దెబ్బ తింది.

దీపం మరీ మసకగా ఉంటే రెండు చోట్ల చూడాలి. ఒకటి రెసిస్టర్ రంగులు. 680 ఓమ్‌లంటే నీలం, బూడిద, గోధుమ. మూడో గీత గోధుమ కాక నారింజ అయితే అది 68 కిలో. రెండోది ప్రోగ్రాం. పిన్‌ను అవుట్‌పుట్‌గా పెట్టడం మరిచిపోతే ఆర్డుయినోలో దీపం ఆరిపోదు, మసకబారుతుంది. ఎందుకంటే అప్పుడు HIGH రాస్తే చిప్ లోపల 20 నుంచి 50 కిలో ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టర్ కలుస్తుంది, ఎల్‌ఈడీకి వెళ్లేది మిల్లీయాంప్‌లో పదో వంతు. ఈ రెండు లైన్లలో మొదటిది ఉందో లేదో చూడండి:

```
pinMode(2, OUTPUT);
digitalWrite(2, HIGH);
```

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒకే విలువ రెసిస్టర్ల ప్యాకెట్ కొనాల్సి వస్తే 220 అడగకండి, 1 కిలో ఓమ్ అడగండి: గోధుమ, నలుపు, ఎరుపు. 5 వోల్టుల మీద ఎరుపుకు 3 మిల్లీయాంప్‌లు, నీలానికి 2, 3.3 వోల్టుల మీద ఎరుపుకు 1.4 వస్తాయి. ఆర్డుయినోలోనూ పికోలోనూ ఏ పిన్‌కూ దీనివల్ల హాని లేదు. 8051 పోర్ట్‌లో ఎనిమిదీ ఒకేసారి వెలిగించేటప్పుడు మాత్రం ఇది చాలదు, అక్కడ 1.8 కిలోయే పెట్టాలి.